అమ్మానాన్నల ఫోను, అమ్మానాన్నల డబ్బు: ఇంట్లో పెట్టుకోవాల్సిన నియమాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మానాన్నలు హనుమకొండలోనో, కాజీపేటలోనో, భూపాలపల్లిలోనో ఉండి, పిల్లలు హైదరాబాదులోనో దేశం బయటో ఉన్న ఇళ్ల కోసం ఈ పేజీ. ఏ మోసం ఎలా ఉంటుందో పెద్దవాళ్లకు ఒక్కొక్కటిగా నేర్పే ప్రయత్నం ఇందులో లేదు. మోసం నెలకో వేషం మారుస్తుంది, మనం నేర్పింది పాతబడిపోతుంది. అందుకే మొదట డబ్బు ఉండే చోటును మారుస్తాం, ఫోన్ సంగతి ఆ తర్వాత చూస్తాం. పెద్దాయన ఒకరోజు పొరబడినా పోయేది ఆ నెల ఖర్చు డబ్బు మాత్రమే అయ్యేలా ఇంటిని సర్దుకోవచ్చు.

మా నాన్న రిటైర్డ్ లెక్చరర్. రోజూ పేపరు మొత్తం చదువుతాడు, మోసాల వార్తలు మాకే చెప్తాడు. ఆయనకు కూడా ఈ నియమాలు కావాలా?

కావాలి. మోసగాడు ఆడుకునేది తెలివితో కాదు, భయంతోనూ మర్యాదతోనూ. ఫోన్ ఎత్తగానే అవతలివాడు పూర్తి పేరు, పుట్టిన తేదీ, పింఛను ఆర్డరు నంబరు, బ్యాంకు బ్రాంచి అన్నీ తప్పు లేకుండా చెప్తాడు. ఆ వివరాలు ఎక్కడెక్కడి నుంచో బయటికి పోయి అమ్ముడవుతుంటాయి. కానీ వినే మనిషి "ఇవన్నీ ఆఫీసు వాళ్లకు కాక ఇంకెవరికి తెలుస్తాయి" అనుకుంటాడు. సరైన వివరాలు చెప్పడం దేనికీ రుజువు కాదు. నాన్నకు ఒక్క విషయమే చెప్పగలిగే సమయం ఉంటే ఇదే చెప్పండి.

రెండోది, అవతలివాడు ఫోన్ పెట్టనివ్వడు. "లైన్‌లోనే ఉండండి సార్, కట్ అయితే మీ పింఛను ఆగిపోతుంది" అంటాడు. చదువుకున్న పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేయడం మర్యాద తక్కువ పనిగా అనిపిస్తుంది. పేపరు చదివే అలవాటు ఆ రెండు నిమిషాల్లో అక్కరకు రాదు.

సరే, మొట్టమొదట ఏం చేయాలి?

ఖర్చు డబ్బును, దాచుకున్న డబ్బును వేరు చేయాలి. ఒకే బ్యాంకులో రెండు ఖాతాలు తెరిస్తే వేరు చేసినట్టు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక బ్యాంకులో మనకున్న ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు మామూలుగా ఒకే కస్టమర్ నంబరు కింద ఉంటాయి. ఒక ఖాతా డెబిట్ కార్డు వివరాలు, ఓటీపీ దొరికితే మొబైల్ బ్యాంకింగ్ తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక మిగతా ఖాతాలు, డిపాజిట్లు అన్నీ ఒకే తెర మీద కనపడతాయి. డిపాజిట్‌ను గడువుకు ముందే మూసేయడం, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవడం కూడా చాలా బ్యాంకుల యాప్‌లలోనే అయిపోతుంది. "ఎఫ్‌డీలో ఉన్నయి కదా, వాటికేం కాదు" అనే ధైర్యం పాతకాలపు మాట.

అందుకే ఖర్చు ఖాతా పూర్తిగా వేరే బ్యాంకులో ఉండాలి. ఆ బ్యాంకులో నాన్నకు ఇంకే ఖాతా, ఇంకే డిపాజిట్ ఉండకూడదు. ఫోన్‌పేలాంటి యూపీఐ యాప్‌లన్నీ ఈ ఖాతాతోనే. పింఛను పడే ఖాతా, డిపాజిట్లు పాత బ్యాంకులోనే ఉంటాయి, కానీ వాటికి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఉండవు. బ్రాంచికి వెళ్లి "నా ఖాతాకు ఇంటర్నెట్, మొబైల్ బ్యాంకింగ్ తీసేయండి, లేదా చూడటానికి మాత్రమే ఉంచండి" అని రాసిచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. అదే రోజు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఫారం నింపితే ప్రతి నెలా ఒక తేదీన నిర్ణయించిన మొత్తం ఖర్చు ఖాతాకు దానంతటదే వెళ్తుంది.

ఎంత పంపాలి? ఇంటి నెల ఖర్చు, మందులు కలిపి లెక్క కట్టి, దానికి రెండు మూడు వేలు ఎక్కువ. అంతకన్నా ఎక్కువ పెడితే ఈ ఏర్పాటుకు అర్థం ఉండదు. మరీ తక్కువ పెడితే నాన్న నెలలో మూడుసార్లు బ్యాంకుకు తిరగాల్సి వచ్చి, విసిగి, యూపీఐని మళ్లీ పాత ఖాతాకే కలుపుకుంటాడు.

యూపీఐని పాత ఖాతాకు మళ్లీ కలపకుండా ఆపడం ఎలా?

సిమ్‌తో ఆపవచ్చు. యూపీఐ యాప్ ఫోన్‌లో ఉన్న సిమ్ నంబరును చూసి, ఆ నంబరు ఏ బ్యాంకులో నమోదై ఉంటే ఆ ఖాతాను చూపిస్తుంది. పింఛను బ్యాంకులో వేరే నంబరు నమోదై ఉంటే స్మార్ట్‌ఫోన్‌లోని యాప్‌కు ఆ ఖాతా కనపడనే కనపడదు. ఇంట్లోవాళ్లకే కాదు, మోసగాడికీ కనపడదు.

కాబట్టి ఒక డబ్బా ఫోన్, అందులో ఒక సిమ్ కావాలి. కొనేముందు రెండు సంగతులు చూసుకోండి. కొన్ని కంపెనీల సిమ్‌లు 4జీలోనే పనిచేస్తాయి, పాత 2జీ కీప్యాడ్ ఫోన్లలో వేస్తే సిగ్నలే రాదు. ఆ సిమ్ అయితే 4జీ కీప్యాడ్ ఫోనే తీసుకోవాలి. రెండోది రీచార్జ్. వాడకం, రీచార్జ్ లేకుండా నెలల తరబడి వదిలేసిన సిమ్‌ను కంపెనీ మూసేస్తుంది. కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది, బ్యాంకు ఓటీపీలు కూడా వాళ్లకే పోతాయి. రీచార్జ్ బాధ్యత కొడుకో కూతురో తీసుకుని, తేదీని తమ ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి.

ఈ డబ్బా ఫోన్ జేబులో తిరిగేది కాదు. బీరువాలో, వీలైతే అమ్మ చేతికింద ఉండాలి. స్మార్ట్‌ఫోన్‌లో మోసగాడి మాట వింటున్న మనిషి, లేచి వెళ్లి, బీరువా తీసి, ఇంకో ఫోన్‌లో వచ్చిన అంకెలు చూసి చదవాలంటే ఆ నాలుగు అడుగుల్లో ఎవరో ఒకరు "ఏందది?" అని అడుగుతారు. మెసేజ్‌లు ఎవరూ చూడరు కాబట్టి, లావాదేవీల అలర్టులు మీ ఈమెయిల్‌కు కూడా వచ్చేలా అదే బ్రాంచిలో రాయించండి.

ఎఫ్‌డీలకు "ఇద్దరిలో ఎవరైనా" అని ఉంది. అది చాలదా?

ఆన్‌లైన్ మోసానికి సంబంధించినంత వరకు అది పెద్ద అడ్డు కాదు. "ఇద్దరూ కలిసి" అని ఉంటే రెండు సంతకాలు లేకుండా బ్రాంచిలో కూడా డబ్బు కదలదు. ఇది ఎందుకు ముఖ్యమో డిజిటల్ అరెస్టు ప్రశ్న దగ్గర తెలుస్తుంది. అందులో పెద్దవాళ్లు యాప్‌లో కాదు, స్వయంగా బ్రాంచికి నడిచి వెళ్లి ఆర్‌టీజీఎస్ ఫారం నింపుతారు.

నష్టం కూడా చెప్పుకోవాలి. "ఇద్దరూ కలిసి" అని పెట్టుకున్నాక ఒకరు మంచం పడితే రెండో మనిషి చేతులు కట్టేసినట్టే. అందుకని మొత్తం డబ్బును అలా కట్టేయకండి. ఆసుపత్రి అవసరానికి ఒక డిపాజిట్‌ను "ఇద్దరిలో ఎవరైనా" కింద వదిలి, పెద్ద మొత్తాన్ని మాత్రం రెండు సంతకాల కింద పెట్టండి. నామినీ పేరు అన్నిటికీ ఉండాలి.

ఇదంతా చేస్తే నిజంగా ఎంత తేడా వస్తుంది? ఒక లెక్క చూపించండి.

హనుమకొండలో ఉండే ఒక పింఛనుదారు అనుకుందాం. వయసు 71. నెల పింఛను 41,000 రూపాయలు, సేవింగ్స్ ఖాతాలో 3,20,000, నాలుగేసి లక్షల డిపాజిట్లు రెండు. అన్నీ ఒకే బ్యాంకు, ఒకే ఫోన్ నంబరు. ఆ ఫోన్‌లోనే వాట్సాప్, యూపీఐ, బ్యాంకు యాప్.

ఉదయం 11 గంటలకు ఫోన్. "మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు సార్, ఈ నెల పింఛను ఆగుతది. ఆఫీసుకు రానక్కర్లేదు, వాట్సాప్‌ల పంపిన, అది నొక్కండి." వాట్సాప్‌లో చివర `.apk` అని ఉన్న ఫైలు వస్తుంది. నొక్కితే ఫోన్ ఒకసారి హెచ్చరిస్తుంది, అవతలివాడు "అది మామూలే, అలో కొట్టండి" అంటాడు. యాప్ ఎక్కాక మెసేజ్‌లు చదవడానికి, పంపడానికి అనుమతి అడుగుతుంది. అదీ ఇచ్చేస్తాడు. ఆ క్షణం నుంచి ఓటీపీ చదివి చెప్పమని అడగాల్సిన అవసరం కూడా ఉండదు, మెసేజ్‌లు నేరుగా మోసగాడికి చేరతాయి. "ధ్రువీకరణకు" అని డెబిట్ కార్డు నంబరు, పిన్ ఆ యాప్‌లోనే అడుగుతుంది.

ఇక మిగిలింది అంకగణితం. సేవింగ్స్‌లోని 3,20,000 పోతుంది. 8 లక్షల డిపాజిట్ల మీద 90 శాతం ఓవర్‌డ్రాఫ్ట్ అనుకుంటే 7,20,000. మొత్తం 10,40,000. బ్యాంకు రోజువారీ పరిమితి అడ్డొస్తే "సర్వర్ డౌన్ ఉంది, ఫోన్ రేపటిదాకా ముట్టుకోకండి" అని చెప్పి రెండో రోజు మిగతాది తీస్తారు.

అదే మనిషి, అదే ఫోన్, అదే పొరపాటు, కానీ ఇల్లు సర్దుకున్న తర్వాత చూద్దాం. స్మార్ట్‌ఫోన్‌లో ఉన్న సిమ్ ఖర్చు ఖాతాది. ఈ నెల వచ్చిన 20,000లో ఆ రోజుకు మిగిలింది 12,600. పింఛను బ్యాంకు ఓటీపీలు బీరువాలోని డబ్బా ఫోన్‌కు వస్తాయి, అందులో ఏ యాపూ ఎక్కదు. ఆ ఖాతాకు మొబైల్ బ్యాంకింగే లేదు. పోయేది ఎక్కువలో ఎక్కువ 12,600. బాధే, కానీ ఆ నెల గడుస్తుంది.

పింఛను ఖాతా డెబిట్ కార్డు ఏమవుతుందని అడగవచ్చు. కార్డుకు ఆన్‌లైన్, విదేశీ వాడకాలను విడివిడిగా ఆపుకునే వీలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఆ కార్డుకు ఏటీఎం ఒక్కటి ఉంచి మిగతావి ఆపించండి.

స్మార్ట్‌ఫోన్‌లో ఏయే సెట్టింగులు మార్చాలి?

మూడు చాలు. పది మార్చిన ఫోన్ పెద్దవాళ్లకు అడ్డం తిరుగుతుంది, వాళ్లు పక్కింటి కుర్రాడితో అన్నీ వెనక్కి తిప్పించుకుంటారు.

ఒకటి, సెట్టింగ్స్‌లో `Install unknown apps` అని వెతకండి. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ యాప్‌ల ఎదురుగా అనుమతి ఆపేసి ఉండాలి. ఆపేసినా, ఫైలు నొక్కినప్పుడు ఫోన్ "అనుమతిస్తారా" అని మళ్లీ అడుగుతుంది, కాబట్టి ఇది తాళం కాదు, గొళ్లెం మాత్రమే. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. మాట్లాడుతూనే దాన్ని ఆపమని చెప్పేవాళ్లున్నారు.

రెండు, వాట్సాప్ సెట్టింగ్స్‌లో `Privacy`, అందులో `Calls`, అందులో `Silence unknown callers`. ఇది ఆన్ చేస్తే ఫోన్‌లో సేవ్ చేసుకోని నంబర్ల వాట్సాప్ కాల్స్ మోగవు. పోలీసులమంటూ ఖాకీ బట్టల్లో చేసే వీడియో కాల్స్ ఎక్కువగా వచ్చేది ఈ దారినే.

మూడు, స్క్రీన్ చూపించే యాప్‌లు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఉంటే తీసేయండి. పిల్లలే ఎప్పుడో సాయం చేయడానికి వేసి మరిచిపోయి ఉంటారు. వాట్సాప్ వీడియో కాల్‌లో కూడా స్క్రీన్ చూపే బటన్ ఉంది, దాన్ని తీసేసే వీలు లేదు. అందుకే "వీడియోలో ఉన్నప్పుడు బ్యాంకు యాప్ తెరవొద్దు" అనేది నోటి నియమంగా పెట్టాలి, కొడుకుతో మాట్లాడేటప్పుడు కూడా.

మామూలు ఫోన్ కాల్స్‌లో తెలియని నంబర్లన్నీ ఆపేయమని మేం చెప్పం. గ్యాస్ బండి అబ్బాయి, ల్యాబ్ వాళ్లు, కొరియర్, నిజమైన బ్యాంకు కూడా తెలియని నంబర్లే. పైగా చాలా ఫోన్లలో `Unknown` బ్లాక్ అంటే నంబరు దాచి చేసే కాల్స్ మాత్రమే ఆగుతాయి, సేవ్ చేయనివి కాదు. ఆన్ చేసి నిశ్చింతగా ఉన్నవాళ్లు చాలామంది.

ఫోన్ వచ్చినప్పుడు అమ్మ ఏం అనాలి?

ఒకే వాక్యం, ముందే నేర్చుకున్నది. "ఇంటోళ్లతోని మాట్లాడకుంట నేనేం చెయ్య. పెట్టేస్తున్న." అంతే, పెట్టేయాలి. వాదన వద్దు, తిట్టడం వద్దు, "నువ్వు దొంగవు కదా" అని నిలదీయడం అసలే వద్దు. నిలదీస్తే మాట సాగుతుంది, సాగితే వాడిదే పైచేయి.

తర్వాత మనమే తిరిగి చేయాలి, కానీ వచ్చిన నంబరుకు కాదు. బ్యాంకు అయితే పాస్‌బుక్ మీదున్న నంబరుకు. గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి దొరికిన నంబరుకు చేయకూడదు, దొంగ నంబర్లు అక్కడా పెట్టి ఉంచుతారు.

ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, వాళ్లు మాట్లాడే భాషలోనే రాసి, ఫోన్ ఛార్జర్ పెట్టే గోడకు అతికించండి. ఇలా:

పైసల ముచ్చట వస్తే ఫోన్ పెట్టెయ్యాలె.
తిరిగి మనమే చెయ్యాలె, ఈ కాగితం మీది నంబర్లకే.
కొత్తోళ్లకు 2,000 దాటితే రేపు పొద్దున్నే పంపుడు, ఇయ్యాల కాదు.
పైసలు పోయినయంటే ముందు 1930. తర్వాత నాకు.

కింద ముగ్గురి నంబర్లు. ముగ్గురు ఎందుకంటే, మధ్యాహ్నం పన్నెండింటికి హైదరాబాదులో కొడుకు మీటింగులో ఉంటాడు, కూతురు బడిలో పాఠం చెప్తుంటుంది. మూడో నంబరు పది నిమిషాల్లో ఇంటికి రాగలిగే మనిషిది కావాలి: పక్కింటాయనో, బావమరిదో, మందుల షాపు అతనో. ముగ్గురూ ఎత్తకపోతే పైసలు కదలవు.

ఛార్జర్ ముందు గదిలో ఉండటం కూడా నియమమే. పడకగదిలో తలుపేసుకుని మాట్లాడే ఫోన్ ఇంట్లో ఎవరికీ వినపడదు.

డిజిటల్ అరెస్టు అంటే ఏమిటి? అలాంటి చట్టం ఉందా?

లేదు. ఏ చట్టంలోనూ లేదు. ఇది పోలీసులమని చెప్పి, వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు వేయించుకునే మోసం. పోలీసులు, సీబీఐ, ఈడీ ఎవరూ వీడియో కాల్‌లో మనిషిని అరెస్టు చేయరు, బెయిలుకో "ఖాతా పరిశీలన"కో డబ్బు వేయించుకోరు. పోలీసు హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది.

ఇది మిగతా మోసాల కన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఇందులో డబ్బు పంపేది పెద్దమనిషే, పూర్తి స్పృహతో. మీ పేరున పంపిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందనో, మీ ఆధార్‌తో తీసిన సిమ్ హవాలా కేసులో ఉందనో మొదలవుతుంది. తర్వాత వీడియోలో యూనిఫాం, వెనక జాతీయ జెండా, ముద్రలున్న కాగితాలు. అన్నిటికన్నా గట్టి ఉరి "ఎవ్వరికీ చెప్పొద్దు" అనే షరతు. చెప్తే కొడుకు ఉద్యోగం పోతుందని, కూతుర్ని కూడా అరెస్టు చేస్తారని బెదిరిస్తారు. పిల్లల్ని కాపాడుతున్నాననుకునే తండ్రి నోరు విప్పడు. రోజుల తరబడి కెమెరా ముందే కూర్చుంటాడు.

బ్రాంచిలో మేనేజరు అడిగితే ఏం చెప్పాలో కూడా ముందే నేర్పి పంపుతారు: "మనుమరాలి పెళ్లి", "ప్లాటు కొంటున్నాం". రెండు సంతకాల డిపాజిట్ పనికొచ్చేది ఇక్కడే. రెండో సంతకం కోసం ఇంటికి రావాలి, ఇంట్లో చెప్పాలి. రహస్యం పగిలిపోతుంది.

బయటివాళ్లు ఎలా గుర్తుపట్టాలి? వేళకు అన్నం తినకపోవడం, ఫోన్ పట్టుకుని గదిలోంచి రాకపోవడం, మీరు చేస్తే ఎత్తి "మళ్ల చేస్త" అని పొడిగా పెట్టేయడం, ఎన్నడూ అడగనిది ఎఫ్‌డీ రసీదులు వెతకడం. వీటిలో రెండు కలిస్తే ఆ మూడో నంబరు మనిషిని వెంటనే ఇంటికి పంపండి. ఫోన్‌లో వాదించి లాభం లేదు. మనిషి ఎదురుగా వచ్చి, ఫోన్ తీసుకుని, కాల్ కట్ చేయాలి.

పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచాల్సిన మాట ఒకటే: "ఇంట్లో చెప్పొద్దు అని ఎవరన్నా అన్నరంటే వాడు దొంగే."

అమెరికాలో ఉన్న మనవడి గొంతుతోనే ఫోన్ వస్తే?

రావచ్చు, గొంతును కంప్యూటర్‌తో అనుకరించడం ఇప్పుడు కష్టం కాదు. ఏడుపు, గోల, "తాతా, ఆక్సిడెంటయింది" అని రెండు ముక్కలు, వెంటనే ఇంకొకడు ఫోన్ తీసుకుంటాడు. దీనికి ఇంటి మాట ఒకటి పెట్టుకోండి. ఫేస్‌బుక్‌లో దొరికేది కాకూడదు: ఊరి పేరు, పుట్టినరోజు, కుక్క పేరు వద్దు. పాత ఇంట్లో ఉన్న బర్రె పేరు లాంటిది బాగా పనిచేస్తుంది, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, ఎవరూ మరిచిపోరు. అది చెప్పలేకపోతే పెట్టేసి, మనవడి పాత నంబరుకు చేయాలి.

కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు కట్ చేస్తామని మెసేజ్ వచ్చింది.

వదిలేయండి. అనుమానముంటే బిల్లు మీద ఉన్న యూనిక్ సర్వీస్ నంబరుతో టీజీఎన్‌పీడీసీఎల్ సొంత యాప్‌లో చూసుకోండి, లేదా 1912కు చేయండి. మీ వీధి లైన్‌మన్‌ను అడిగినా చెప్తాడు.

డబ్బు రావాలంటే పిన్ కొట్టమంటున్నారు, క్యూఆర్ స్కాన్ చేయమంటున్నారు.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. బ్యాలెన్స్ చూసుకోవడానికి తప్ప, యూపీఐ పిన్ కొడితే డబ్బు పోతుంది.

అమ్మ ఊళ్లో ఉంటుంది, స్మార్ట్‌ఫోన్ లేదు. ఆమెకు భయం లేనట్టేనా?

ఫోన్ మోసం తక్కువే, వేలిముద్ర మోసం ఉంది. ఆధార్‌తో ముడిపడ్డ ఖాతా నుంచి వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలో ఓటీపీ ఉండదు. రెండుసార్లు వేలు పెట్టించుకుని "మొదటిది పడలే" అనడం ఇందులో పాత ఎత్తు. వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగాలని, ఇంటికొచ్చాక దాన్ని డబ్బాలో వేయాలని చెప్పండి.

ఆధార్ వెబ్‌సైటు `myaadhaar.uidai.gov.in` లో బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవచ్చు. ఒక చిక్కు ఉంది: లాక్‌లో ఉండగా ఆధార్ వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. వేలు పెట్టి పింఛను తీసుకునే అమ్మకు ఆ రోజున లాక్ తీసిపెట్టే మనిషి ఉంటేనే ఇది చేయండి. లేకపోతే అనవసరంగా పోస్టాఫీసు చుట్టూ తిప్పినట్టవుతుంది.

నాన్న ఒప్పుకోవడం లేదు. "నా పైసల మీద నీ పెత్తనమేంది" అంటున్నాడు.

ఆయన అన్నదాంట్లో న్యాయముంది. డబ్బు ఆయనది, ఈ ఏర్పాటులో ఎక్కడా మీ సంతకం తప్పనిసరి కాదని గమనించండి. రెండు సంతకాలూ అమ్మానాన్నలవే. పాస్‌బుక్ ఆయన దగ్గరే, నెలకు ఎంత పంపాలో ఆయనే నిర్ణయిస్తాడు. మీరు పిన్ అడగవద్దు, ఆయన యాప్ మీ ఫోన్‌లో వేసుకోవద్దు. ముందు మీ సొంత ఖాతాను ఇలా విడదీసి చూపిస్తే మాట త్వరగా ఎక్కుతుంది.

కొందరు పిల్లలు పరీక్షకని వేరే నంబరు నుంచి తామే దొంగ కాల్స్ చేయిస్తుంటారు. అది వద్దు. తల్లిదండ్రుల్ని నవ్వులపాలు చేస్తే, రేపు నిజంగా పోయినప్పుడు సిగ్గుతో మీకు చెప్పరు. తిడతారనే భయంతో రెండు రోజులు దాచిన కేసుల్లో డబ్బు దొరకడం చాలా కష్టం.

పోయింది. ఇప్పుడేం చేయాలి?

ఎవరినీ ఏమీ అనకుండా 1930కి చేయండి. పోయిన డబ్బు మొదటి ఖాతాలో నిమిషాలే ఉంటుంది, అక్కడి నుంచి వేరేవాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్న ఇంకో నాలుగైదు ఖాతాలకు చీలి, చివరికి ఏటీఎంలోనో ఇంకో రూపంలోనో బయటికి పోతుంది. 1930లో నమోదైతే ఆ వరసలో డబ్బు ఇంకా ఎక్కడ నిలిచి ఉందో అక్కడ ఆపమని బ్యాంకులకు వెళ్తుంది. అందుకే గంటల లెక్క.

ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించి ఉంటే, ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి డబ్బా ఫోన్‌లో వేసి అక్కడి నుంచి చేయండి. వాళ్లు అడిగేవి: ఖాతా నంబరు, బ్యాంకు పేరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, అది బ్యాంకు మెసేజ్‌లోనే ఉంటుంది. దగ్గర పెట్టుకుని చేస్తే సమయం మిగులుతుంది. ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వస్తుంది, దానితో `cybercrime.gov.in` లో మిగతా వివరాలు నింపాలి.

ఇంట్లో రెండో మనిషి ఉంటే అదే సమయంలో బ్యాంకుకు చేసి కార్డు, యూపీఐ ఆపించాలి. దొంగ యాప్‌ను, వాట్సాప్ చాట్‌ను వెంటనే చెరిపేయకండి. ఇంకో ఫోన్‌తో ఆ తెరల ఫొటోలు తీయండి. ఫిర్యాదు పూర్తయ్యాకే ఫోన్‌ను మొత్తం రీసెట్ చేయాలి. ఒక్క యాప్ తీసేసినంత మాత్రాన శుభ్రమైందని నమ్మలేం.

బ్యాంకు తిరిగి ఇస్తుందా?

రిజర్వ్ బ్యాంక్ 2017 జులై ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోయి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. పిన్, ఓటీపీ తానే ఇచ్చినట్టయితే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. చెప్పిన తర్వాత జరిగింది బ్యాంకుది. బ్యాంకుకు ఏ నిమిషంలో చెప్పారో రాతపూర్వకంగా ఉండాలనేది అందుకే. ఫోన్ చేశాక ఒక ఈమెయిల్ కూడా పంపి ఉంచండి.

ఏదో ఒక ఖాతాలో ఆగిన డబ్బు కోర్టు ఉత్తర్వుతో వెనక్కి వస్తుంది. తెలంగాణలో ఇలాంటివి లోక్ అదాలత్‌ల ద్వారా కూడా తేలుస్తున్నారు. దానికి ఆధారం 1930 ఫిర్యాదు నంబరే, కాగితం పారేయకండి.

ఫిర్యాదు చేసిన వారానికి "మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ వచ్చింది.

ఒకసారి పోగొట్టుకున్నవాళ్ల జాబితా కూడా అమ్ముడవుతుంది. ఎంత పోయిందో అణాపైసలతో సహా చెప్తారు, లాయరంటారు, సైబర్ ఆఫీసరంటారు. డబ్బు వెనక్కి ఇవ్వడానికి పోలీసులు గానీ కోర్టు గానీ ఫోన్‌లో ఫీజు వేయించుకోవు. ముందే నేర్చుకున్న వాక్యమే మళ్లీ: "ఇంటోళ్లతోని మాట్లాడకుంట నేనేం చెయ్య. పెట్టేస్తున్న." ఆ నంబరును `sancharsaathi.gov.in` లోని చక్షు విభాగంలో నమోదు చేయవచ్చు.